నెల మొదట్లో జమ చేస్తే ఎంత, నెలాఖరున చేస్తే ఎంత? తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ పేజీ అంతటా ఒకే లెక్క పట్టుకుని నడుస్తాం. నెలకు 1,000 చొప్పున జమ. ఏడాదికి 6 శాతం వడ్డీ, అంటే నెలకు అర శాతం. ప్రతి నెల చివరి రోజున ఆ నెల వడ్డీ ఖాతాలో కలుస్తుంది, తర్వాతి నెల నుంచి దాని మీద కూడా వడ్డీ వస్తుంది. గడువు 10 ఏళ్లు, అంటే 120 జమలు. మీ మొత్తం 1,000 కాకపోతే వచ్చిన జవాబును దానికి తగ్గట్టు హెచ్చించుకోండి. నెలకు 5,000 వేసేవాళ్లకు ప్రతి అంకె ఐదింతలు, అంతే.

సూటిగా చెప్పండి, చివర్లో తేడా ఎంత ఉంటుంది?

ప్రతి నెలా మొదటి రోజున జమ చేస్తే 10 ఏళ్ల చివర 1,64,698.74 ఉంటుంది. ప్రతి నెలా చివరి రోజున చేస్తే 1,63,879.35 ఉంటుంది. తేడా 819.40. (పైసల్లో చివరి అంకె రౌండింగ్ వల్ల అటూ ఇటూ అవుతుంది, దాన్ని పట్టించుకోకండి.)

ఇద్దరూ కట్టింది 1,20,000 మాత్రమే. మొదటి మొత్తాన్ని రెండోదానితో భాగిస్తే సరిగ్గా 1.005 వస్తుంది. అంటే నెల మొదట్లో వేసేవాళ్లకు మొత్తం నిల్వ మీద ఒక నెల వడ్డీ ఎక్కువ. పదేళ్లయినా ముప్పై ఏళ్లయినా ఈ నిష్పత్తి మారదు.

ఆ తేడా అసలు ఎక్కడ పుడుతుంది?

మూడు నెలల లెక్క చేత్తో వేసి చూస్తే చాలు, సూత్రం అక్కర్లేకుండానే విషయం కనిపిస్తుంది.

| | నెల మొదట్లో వేసేవారి నిల్వ (నెల చివర, వడ్డీ కలిశాక) | నెలాఖరున వేసేవారి నిల్వ (నెల చివర, జమ కలిశాక) |
|---|---|---|
| 1వ నెల | 1,005.00 | 1,000.00 |
| 2వ నెల | 2,015.03 | 2,005.00 |
| 3వ నెల | 3,030.10 | 3,015.03 |

మొదటి నెల చూడండి. నెల మొదట్లో వేసిన వెయ్యికి నెలంతా వడ్డీ నడిచి 5 వచ్చింది. నెలాఖరున వేసిన వెయ్యి అప్పుడే ఖాతాలోకి వచ్చింది, దానికి ఇంకా ఏమీ రాలేదు. రెండో నెల మొదట్లో మొదటి మనిషి ఇంకో వెయ్యి వేస్తే 2,005 అవుతుంది, దాని మీద వడ్డీ 10.03 కలుస్తుంది. రెండో మనిషికి ఆ నెలంతా ఉన్నది ఒక్క వెయ్యే కాబట్టి 5 వడ్డీ వస్తుంది, చివర్లో ఇంకో వెయ్యి చేరి 2,005 అవుతుంది.

ఇప్పుడు ఆ 2,005ని గుర్తుపెట్టుకోండి. మొదటి మనిషి ఖాతాలో అది రెండో నెల మొదటి రోజునే ఉంది. రెండో మనిషి ఖాతాలోకి అదే అంకె రెండో నెల చివర వచ్చింది. 3,015.03 సంగతీ అంతే, మొదటి మనిషి దాన్ని మూడో నెల మొదట్లోనే చూశాడు. కాబట్టి ఇవి రెండు వేర్వేరు రకాల పొదుపులు కావు. ఒకే ఖాతా, ఒక నెల ముందుకు జరిగింది.

ప్రతి జమకీ ఒక నెల వడ్డీ ఎక్కువ వస్తోంది కదా. 120 జమలకు తేడా ఇంకా పెద్దగా ఉండాలి కదా?

ఈ ప్రశ్న చాలామందికి వస్తుంది, రావలసిందే. ప్రతి జమకీ ఒక నెల వడ్డీ ఎక్కువ అన్నది నిజం. వాటన్నింటినీ కూడితేనే 819.40 వచ్చింది. కానీ అది ఎందుకంతే ఉందో తెలియాలంటే ఇంకో వైపు నుంచి చూడాలి.

ఒక గీత గీసి దాని మీద తేదీలు పెట్టండి. మొదలుపెట్టిన రోజు 0. ఒక నెల తర్వాత 1, అలా 120 వరకు. నెల మొదట్లో వేసేవారి జమలు 0 నుంచి 119 వరకు పడతాయి. నెలాఖరున వేసేవారి జమలు 1 నుంచి 120 వరకు పడతాయి. (ఒక నెల చివరి ఘడియ, తర్వాతి నెల మొదటి ఘడియ వడ్డీ లెక్కలో ఒకటే స్థానం.) ఇప్పుడు రెండు వరుసలూ పక్కపక్కన పెట్టి, రెండింటిలోనూ ఉన్నవి కొట్టేయండి. 1 నుంచి 119 వరకు అన్నీ పోతాయి. అంటే 119 జమలు ఇద్దరికీ ఒకే రోజున పడ్డాయి, ఒకే వడ్డీ తెచ్చుకున్నాయి.

మిగిలింది రెండే. మొదటి మనిషికి 0 దగ్గర వేసిన వెయ్యి, రెండో మనిషికి 120 దగ్గర వేసిన వెయ్యి. మొదటిది పదేళ్లు పెరిగి 1,819.40 అయింది. రెండోది డబ్బు తీసుకునే రోజునే వేసింది కాబట్టి వెయ్యిగానే ఉంది. తీసివేస్తే 819.40.

కాబట్టి తేడా మొత్తం మొదటి ఒక్క జమ పదేళ్లలో సంపాదించిన వడ్డీయే. దీన్ని మొత్తం నిల్వ మీద ఒక నెల వడ్డీ అని చెప్పినా అదే అంకె వస్తుంది, కానీ నాకు ఈ రెండో వివరణే ఎక్కువ ఇష్టం. దీంతో కింద వచ్చే ప్రశ్నల్లో సగం వాటంతటవే విడిపోతాయి.

నేను 31న వేస్తాను, మా ఫ్రెండ్ 1న వేస్తాడు. మధ్యలో ఒక్క రోజే కదా, అంత తేడా వస్తుందా?

రాదు. లెక్కలో ఎక్కువ మంది తికమకపడేది ఇక్కడే.

మీరు జనవరి 31న మొదటి జమ వేశారు, ఆయన ఫిబ్రవరి 1న వేశాడు అనుకోండి. ఆయన నెల మొదట్లో వేసేవాడే, మీరు నెలాఖరున వేసేవారే. అయినా ఇద్దరి డబ్బూ దాదాపు ఒకే రోజున ఖాతాలో పడింది. ఇద్దరూ ఒకే తేదీన డబ్బు తీసుకుంటే, 120 జమలూ అయ్యాక తేడా ఒక రోజు వడ్డీ దగ్గరే ఆగుతుంది. అదీ మీకే కాస్త ఎక్కువ, ఎందుకంటే మీరు ఒక రోజు ముందు వేశారు.

819.40 తేడా రావాలంటే ఆయన జనవరి 1న వేసి ఉండాలి. అంటే పేరుకు "నెల మొదలు", "నెలాఖరు" అన్నా, లెక్క చూసేది రెండు వరుసల మధ్య పూర్తిగా ఒక నెల దూరం ఉందా లేదా అనే. క్యాలెండర్ మీద 31, 1 పక్కపక్కనే ఉంటాయి కానీ, ఒకే నెలలోని 1కీ 31కీ మధ్య ముప్పై రోజులుంటాయి.

ఇన్నాళ్లూ నెలాఖరున వేస్తున్నాను. ఇక నుంచి నెల మొదట్లో వేస్తే లాభమేనా?

ఎలా మార్చుతారన్న దాన్నిబట్టి ఉంటుంది. జనవరి 31న ఒక జమ అయింది. తర్వాతిది ఫిబ్రవరి 28న వేయాల్సింది. దాన్ని మార్చి 1కి మార్చుకుంటే మీరు ముందుకు రాలేదు, ఒక రోజు వెనక్కి వెళ్లారు. ఆటో డెబిట్ తేదీని 1కి పెట్టమని అడిగినప్పుడు జరిగేది తరచూ ఇదే. తేదీ మారింది కదా అని సంతోషపడతాం, ఖాతాలో ఏమీ మారదు.

నిజంగా మారాలంటే జనవరి 31 జమ తర్వాత ఫిబ్రవరి 1న కూడా ఇంకో జమ వేయాలి. అంటే ఆ ఒక్కసారి వెంటవెంటనే రెండు జమలు పడాలి. ఆ అదనపు వెయ్యి ఎక్కడినుంచో తేవాలి కదా. తేడా అంతా ఒక్క జమదే అని పైన అన్నది ఇందుకే. క్రమం మార్చడమంటే అసలు ఒక జమను ముందే పెట్టడం. అది చేతిలో ఉంటే మార్చుకోండి, లేకపోతే తేదీ కోసం టెన్షన్ పడే పనిలేదు.

ఏళ్లు పెరిగేకొద్దీ తేడా పెరుగుతుందా?

మొత్తంగా పెరుగుతుంది, నిష్పత్తిలో పెరగదు.

| గడువు | నెలాఖరు జమ | నెల మొదటి జమ | తేడా |
|---|---|---|---|
| 1 ఏడాది | 12,335.56 | 12,397.24 | 61.68 |
| 10 ఏళ్లు | 1,63,879.35 | 1,64,698.74 | 819.40 |
| 30 ఏళ్లు | 10,04,515.04 | 10,09,537.62 | 5,022.58 |

ఏ వరుస తీసుకున్నా తేడా మొత్తం నిల్వలో అర శాతమే. అయితే వచ్చిన వడ్డీతో పోల్చి చూస్తే బొమ్మ వేరుగా ఉంటుంది. ఏడాది గడువులో నెలాఖరున వేసినవారికి వడ్డీగా వచ్చింది 335.56. నెల మొదట్లో వేసినవారికి 397.24. అంటే వడ్డీ దాదాపు 18 శాతం ఎక్కువ. పదేళ్లకు అదే పోలిక 1.9 శాతం దగ్గరికి దిగుతుంది, ముప్పై ఏళ్లకు ఒక శాతం కూడా ఉండదు.

కారణం తేలికే. ఏడాది పొదుపులో సగటు జమ ఖాతాలో ఉండేదే ఆరు నెలలు. అందులో ఒక నెల కలిసినా తగ్గినా గట్టిగా తెలుస్తుంది. ముప్పై ఏళ్లలో ఆ ఒక నెల కలిసిపోతుంది. అందుకే తక్కువ గడువు పొదుపు పథకాలను పోల్చేటప్పుడు జమ తేదీ గురించి అడగడం అవసరం, దీర్ఘకాలంలో అది రెండో వరుస విషయం.

వడ్డీ రేటు ఎక్కువైతే?

రెండు రకాలుగా పెరుగుతుంది. ఏడాదికి 12 శాతమైతే నెలకు ఒక శాతం, కాబట్టి నిష్పత్తి 1.005 నుంచి 1.01 అవుతుంది. పైగా ఆ నిష్పత్తి వర్తించే మొత్తం కూడా పెద్దది. పదేళ్లకు నెలాఖరు లెక్కలో 2,30,038.69, నెల మొదటి లెక్కలో 2,32,339.08 వస్తాయి. తేడా 2,300.39. రేటు రెట్టింపైతే తేడా రెట్టింపు కాలేదు, దాదాపు 2.8 రెట్లయింది.

సూత్రం ఏమిటి?

నెలకు జమ P, నెల వడ్డీ i (అర శాతమైతే 0.005), జమల సంఖ్య n అనుకుంటే:

```
End   = P * ((1 + i)^n - 1) / i
Begin = End * (1 + i)
Begin - End = P * ((1 + i)^n - 1)
```

పాఠ్యపుస్తకాల్లో మొదటిదాన్ని ఆర్డినరీ యాన్యుటీ అనీ, రెండోదాన్ని యాన్యుటీ డ్యూ అనీ రాస్తారు. మూడో వరుసే మనం గీత మీద కొట్టివేతలు చేసి తెచ్చుకున్నది, ఒక్క జమ మీద పూర్తి కాలం వడ్డీ.

ఎక్సెల్‌లో ఎలా వేయాలి?

`FV` ఫంక్షన్‌లో చివరి అంకె దీనికోసమే ఉంది. 0 పెడితే నెలాఖరు, 1 పెడితే నెల మొదలు.

```
=FV(0.06/12, 120, -1000, 0, 0)
=FV(0.06/12, 120, -1000, 0, 1)
```

మొదటిది 163879.35 ఇస్తుంది, రెండోది 164698.74. ఆ చివరి అంకె రాయకుండా వదిలేస్తే ఎక్సెల్ 0 అనుకుంటుంది. అంటే ఏమీ చెప్పకపోతే నెలాఖరు లెక్కే వస్తుంది. జమకు ముందు మైనస్ పెట్టేది మీ చేతి నుంచి వెళ్లే డబ్బు కాబట్టి. అది మర్చిపోతే జవాబు మైనస్‌లో వస్తుంది, అంకె మాత్రం సరైనదే.

ఫైనాన్షియల్ క్యాలిక్యులేటర్ వాడేవాళ్లు స్క్రీన్ మీద `BGN` లేదా `BEGIN` ఉందేమో చూసుకోండి. ఎవరో ఒక లెక్క కోసం ఆ మోడ్ పెట్టి వదిలేస్తే, ఆ తర్వాత వేసే ప్రతి లెక్కా చడీచప్పుడు లేకుండా తప్పుతుంది.

నా సొంత పట్టికలో తేడా 819.40 కాకుండా 1,819.40 వస్తోంది. ఎక్కడ తప్పింది?

మీరు 121 జమలు వేశారు. సున్నా వరుసలో ఒక వెయ్యి పెట్టి, 1 నుంచి 120 వరకు మళ్లీ ప్రతి వరుసలోనూ వెయ్యి కలిపి ఉంటారు. నెల మొదటి లెక్కలో చివరి వరుసకు జమ ఉండకూడదు, వడ్డీ మాత్రమే ఉండాలి. సరిచూసుకోవడానికి జమల కాలమ్‌ను కూడండి. 1,20,000 రావాలి. 1,21,000 వస్తే దొంగ దొరికినట్టే.

ఇంకో పరీక్ష, రెండు జవాబులను భాగించడం. 1.005 కాకుండా వేరే ఏదైనా వస్తే పట్టికలో ఎక్కడో నెలలు సరిపోలేదని అర్థం.

రెండు వెబ్‌సైట్లలో ఒకే అంకెలిచ్చినా రెండు జవాబులు వస్తున్నాయి. ఏది ఏ పద్ధతి అని ఎలా తెలుస్తుంది?

చాలా క్యాలిక్యులేటర్లు ఆ సంగతి చెప్పవు. అడగాల్సిన పనీ లేదు. నెలకు 1,000, వడ్డీ 6 శాతం, గడువు 2 నెలలు పెట్టి చూడండి. 2,005.00 వస్తే నెలాఖరు లెక్క. 2,015.03 వస్తే నెల మొదటి లెక్క.

ఒక్కోసారి 2,004.87 గానీ 2,014.63 గానీ వస్తుంది. అప్పుడు అక్కడ రేటును వేరేగా తీసుకున్నారని అర్థం. 6 శాతాన్ని 12తో భాగించి అర శాతం అనుకోవడం ఒక పద్ధతి. చక్రవడ్డీతో కలిపి ఏడాది చివర సరిగ్గా 6 శాతమే రావాలి అనుకోవడం ఇంకో పద్ధతి. రెండో పద్ధతిలో నెల వడ్డీ 0.4868 శాతం దగ్గర ఉంటుంది.

చూడటానికి ఇది చిన్న తేడానే. కానీ పదేళ్లకు నెలాఖరు లెక్కలో 1,63,879 బదులు 1,62,473 వస్తుంది. అంటే 1,406 తక్కువ. జమ తేదీ వల్ల వచ్చే 819 కంటే ఇది పెద్దది! అందుకే రెండు పథకాలను పోల్చేటప్పుడు ముందు రేటు ఏ పద్ధతిలో చెప్పారో తేల్చుకోవాలి, తేదీ సంగతి ఆ తర్వాత. గడువు రెండు నెలలే పెట్టుకుంటే ఈ రెండు సందేహాలూ ఒకేసారి తీరిపోతాయి. సైట్ రెండు నెలలు ఒప్పుకోకపోతే ఏడాది పెట్టి, జవాబును పై పట్టికలోని 12,335.56తోనూ 12,397.24తోనూ పోల్చండి.

15న వేస్తే?

రోజువారీ నిల్వ మీద వడ్డీ లెక్కగట్టే ఖాతా అయితే సుమారు సగం. నెలాఖరు కంటే 410 వరకు ఎక్కువ, నెల మొదటి కంటే అంతే తక్కువ. తేడా రోజుల లెక్కన సమంగా పంచుకుపోతుంది. మన ఉదాహరణలో, పదేళ్లపాటు ప్రతి నెలా ఒక్కో రోజు ఆలస్యానికి చివర్లో సుమారు 27 తగ్గుతుంది. ఒకటో తేదీ సెలవైతే మూడో తేదీన వేశానే అని బాధపడేవాళ్లు ఈ అంకె చూసుకుంటే చాలు. అదీ ప్రతి నెలా ఆలస్యమైతే వచ్చే నష్టం. ఎప్పుడో ఒక నెల ఆలస్యమైతే కొన్ని పైసలు.

అన్ని ఖాతాల్లోనూ రోజు లెక్కే ఉంటుందా?

ఉండదు. అక్కడే జాగ్రత్త పడాలి. కొన్ని పథకాల్లో నెలలో ఒక నిర్ణీత తేదీ నుంచి నెలాఖరు వరకు ఖాతాలో ఉన్న కనీస నిల్వ మీద మాత్రమే వడ్డీ ఇస్తారు. అలాంటి చోట ఆ తేదీ లోపల వేసిన డబ్బంతా ఒకటో తేదీన వేసినట్టే. ఆ తేదీ దాటాక వేసింది ఆ నెలకు లెక్కలోకి రాదు, నెలాఖరున వేసినట్టే. రోజుకు 27 చొప్పున నెమ్మదిగా తగ్గడం ఉండదు. ఒక్క రోజు దాటితే ఆ జమకు నెల వడ్డీ మొత్తం పోతుంది. ప్రతి నెలా అలాగే దాటుతూ పోతే పదేళ్లకు 819.40 పూర్తిగా పోయినట్టు.

ఇంకొన్ని చోట్ల వడ్డీ నెల నెలా కాకుండా మూడు నెలలకోసారి ఖాతాలో కలుపుతారు. అప్పుడు పై అంకెలు కాస్త మారతాయి. కానీ మొదటి జమ, చివరి జమ తప్ప మిగతావన్నీ కొట్టివేయబడతాయన్న తర్కం మాత్రం చెక్కుచెదరదు.

మీ ఖాతా ఏ రకమో తెలియాలంటే నిబంధనల్లో రెండు మాటలు వెతకండి: వడ్డీ ఏ నిల్వ మీద లెక్కగడతారు, ఎప్పుడు కలుపుతారు. అవి దొరక్కపోతే స్టేట్‌మెంట్‌లో వడ్డీ పడిన మొదటి వరుస తీసుకుని ఎన్ని రోజులకు ఇచ్చారో మీరే వెనక్కి లెక్క వేయవచ్చు.

మధ్యలో వడ్డీ రేటు మారితే ఈ లెక్క పనికొస్తుందా? మార్కెట్‌లో పెట్టే డబ్బుకు?

"ఒక నెల వడ్డీ ఎక్కువ" అన్న సూత్రం రేటు స్థిరంగా ఉన్నప్పుడే సరిగ్గా పనిచేస్తుంది. "మొదటి జమ ఎదుగుదల, చివరి జమ తీసేస్తే మిగిలింది" అన్నది మాత్రం రేటు ఎన్నిసార్లు మారినా నిజమే, ఎందుకంటే మధ్యలోని 119 జమలు ఇద్దరికీ ఒకే రోజుల్లో పడ్డాయి. రేటు ఏ దారిన పోయినా వాటికి ఒకేలా పోతుంది.

మార్కెట్‌లోనూ అంతే. మొదటి రోజు పెట్టిన వెయ్యి పదేళ్ల చివర 2,400 అయితే, నెల మొదట్లో పెట్టినవారికి 1,400 ఎక్కువ. అదే వెయ్యి 900కి పడిపోతే, నెల మొదట్లో పెట్టినవారికే 100 తక్కువ. కాబట్టి అక్కడ ముందు వేయడం ఖాయంగా లాభమని ఎవరూ చెప్పలేరు.

జమ మొత్తాన్ని ఏటేటా పెంచుకుంటూ పోయేవాళ్లకు దీనికి సరిగ్గా తిరగేసి చెప్పాలి. వాళ్లకు కొట్టివేతల లెక్క కుదరదు, ఎందుకంటే ఒకే తేదీన పడిన జమల మొత్తాలు వేరుగా ఉండొచ్చు. కానీ రేటు స్థిరంగా ఉంటే ఒక నెల వడ్డీ సూత్రం వాళ్లకూ అచ్చంగా పనిచేస్తుంది.

నాకు జీతం నెలాఖరునే వస్తుంది. ఆ 819 ఎలా రాబట్టుకోవాలి?

నెలకు 5 పెంచండి. నెలాఖరున 1,005 చొప్పున వేస్తే పదేళ్ల చివర 1,64,698.74 వస్తుంది. నెల మొదట్లో 1,000 వేసినవారితో పైసలతో సహా సమానం. చేతి నుంచి అదనంగా పోయింది 600, అది వడ్డీతో కలిసి ఆ తేడాను పూడ్చేసింది. ఏ రేటుకైనా పద్ధతి ఇదే: జమను నెల వడ్డీ శాతం మేరకు పెంచాలి.

నా మట్టుకు తేదీలతో కుస్తీ పట్టడం కంటే ఇదే సుళువు. పైగా ఒకటో తేదీకి ఖాతాలో డబ్బు లేక ఆటో డెబిట్ వెనక్కి వస్తే జరిగే నష్టం వేరు. పదేళ్లలో మొట్టమొదటి జమ ఒక్కటి తప్పితే చివర్లో 1,819 పోతుంది. సరిగ్గా సగం కాలంలో ఒకటి తప్పితే 1,349 దాకా పోతుంది. ఏదైనా సరే, పదేళ్లూ నెలాఖరున వేసినందుకు తగ్గే 819 కంటే ఎక్కువే. డెబిట్ తిరిగి వచ్చినందుకు రుసుము వేస్తే అదీ దీని మీద కలుస్తుంది. కాబట్టి డబ్బు తప్పకుండా ఉండే తేదీనే పెట్టుకోండి.

ఒకటో తేదీన వేయడానికి చేబదులు తీసుకుంటే?

ఆ వెయ్యి నెల ముందు వేసినందుకు వచ్చేది 5. అప్పుకు నెలకు అర శాతం కంటే ఎక్కువ వడ్డీ కడుతుంటే నష్టమే. వడ్డీ లేని చేబదులైతే మీ ఇష్టం.

అప్పు వాయిదాలకు కూడా ఇదే లెక్కా?

తిరగేసి అదే. మామూలుగా అప్పు తీసుకున్న నెల తర్వాత మొదటి వాయిదా కడతాం, అది నెలాఖరు పద్ధతి. మొదటి వాయిదా అప్పు తీసుకున్న రోజే కట్టమంటే అది నెల మొదటి పద్ధతి. అదే అప్పు, అదే రేటు, అన్నే వాయిదాలు అయితే ఈ రెండో పద్ధతిలో వాయిదా మొత్తం 1.005తో భాగించినంత ఉండాలి. తగ్గించకుండా మొదటి రోజే ఒక వాయిదా పట్టుకుని, మిగతావి అదే మొత్తంలో కట్టించుకుంటే చెప్పిన రేటు కంటే ఎక్కువ వడ్డీ మీ నుంచి వసూలవుతున్నట్టు. ఎందుకంటే చేతికి వచ్చిన డబ్బు అప్పటికే ఒక వాయిదా తక్కువ. పత్రాల మీద సంతకం పెట్టే ముందు `PMT` ఫంక్షన్‌లో చివరి అంకె 1 పెట్టి వచ్చిన వాయిదాతో పోల్చి చూసుకోండి.